ఆ వెన్నెల తీసెయ్

చిన్నా,

"పంపేముందు ఓసారి చూడు పిన్నీ" అన్న మెసేజ్ చూశాను. ఆఫీసులో అమ్మాయిని టీకి పిలిచేంత ధైర్యం వచ్చిందా మావాడికి అని మురిసిపోయేలోపే "నీ నవ్వుకి వెన్నెల సిగ్గుపడుతుంది ప్రియా" దగ్గర గుండె జారింది.

అక్షరదోషాలు చూసుకో. రాత్రి పది దాటాక పంపకు.

బీటెక్‌లో ఎక్కడివో నాలుగు లైన్లు పంపితే, "ఎక్కడ కొట్టేశావు?" అని అడిగిందే ఆ పిల్ల, గుర్తుందా? కవిత బాగోక కాదురా. అంతకుముందు దాకా "రికార్డు అయిందా", "సరే", "వస్తున్నా" అని రాసినవాడు ఉన్నట్టుండి కామాలతో సహా నాలుగు లైన్లు రాస్తే తెలిసిపోదా? కొత్త మెసేజ్ పైనే నీ పాతవన్నీ కనిపిస్తుంటాయి. ఆమె రెండూ కలిపే చదువుతుంది.

అందుకని ముందు ఈమెతో నీ పాత చాట్ తియ్యి. చివరి ఇరవై మెసేజ్‌లు చాలు. ఎంత పొడుగు రాస్తావు, బొమ్మలు పెడతావా, ఎలా పిలుస్తావు అన్నవి చూడు. ఆఫీసులో ఆమెని "మీరు" అంటావు కదా, మెసేజ్‌లో ఒక్కసారిగా "నువ్వు", ఆపైన "ప్రియా" ఏమిట్రా! చనువు ఆమె ఇవ్వాలి, నువ్వు తీసుకోకూడదు.

తర్వాత ఒక్కో వాక్యం దగ్గరా ఆగి, ఇది ఇంకో అమ్మాయికి పంపినా సరిపోతుందా అని అడుగు. సరిపోతే కొట్టెయ్. వెన్నెల పోయింది, "నువ్వు లేని రోజు సూర్యుడు ఉదయించడు" పోయింది. మిగిలింది టీ ఒక్కటే. కంగారుపడకు. ఖాళీ అయిన చోట మీ ఇద్దరికే తెలిసింది పెట్టు. పునుగుల్లో అల్లం లేదని శుక్రవారం క్యాంటీనాయనతో ఆమె గొడవపడిందని నువ్వే చెప్పావుగా. అది పెట్టి చూడు:

"మీ గొడవకి భయపడి క్యాంటీనాయన ఇవాళ అల్లం దంచిపోశాడు. నాకు ముక్కు కారుతోంది. తప్పు మీదే కాబట్టి శనివారం టీ మీ ఖర్చు. కుదురుతుందా?"

సరసం ఆ "తప్పు మీదే"లో ఉంది, చాలు. వేళాకోళం నీ ముక్కు మీదికి పోయింది కానీ ఆమె రూపం మీదికి పోలేదు. చివర కుదరదని తేలిగ్గా చెప్పేసే దారీ ఉంది. ఇది కూడా నేను రాసిందేగా, అలాగే పంపావో మళ్ళీ అరువే. పైకి చదువు. నీ నోట "దంచిపోశాడు" రాకపోతే "తెగ వేశాడు" అను.

ఇక నా భయం చెబుతాను. జవాబు రాకపోతే "చూశారా?" అని రెండోది పెట్టకు. రోజూ ఎదురుపడే మనిషి, ఆమెకి ఆఫీసుకి రావడమే ఇబ్బంది కాకూడదు. కుదరదంటే "సరేనండీ" అని వదిలెయ్. సోమవారం పని మాటలు మామూలుగా మాట్లాడు.

మార్చింది నాకు మళ్ళీ చూపించక్కర్లేదు. అన్నం తిని పంపు.

పిన్ని