ఉల్లిపాయలు కళాయిలో పడగానే సౌండ్ మాయమైపోతోందా?

*‘సార్, నూనెలో ఉల్లిపాయలు వేసినప్పుడు సుయ్యిమనే చప్పుడు వీడియోలో రావట్లేదు, నీళ్లలోంచి వినిపించినట్టు ఉంటోంది. ఇయర్‌బడ్స్ మైక్ పెట్టినా అంతే. ఎవరో లింక్ పంపిస్తే సౌండ్ క్లీనర్ యాప్ కూడా వేశా, లాభం లేదు. పైనుంచి తీసిన వీడియోలు ఒక్కోసారి తలకిందులుగా సేవ్ అవుతున్నాయి.’*

ఈ కంప్లయింట్ నాకు వస్తూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ ఇయర్‌బడ్స్ సంగతి కూడా ఉంటుంది. ముందు అవి తీసి పక్కన పెట్టండి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ అయ్యిందంటే చాలాసార్లు ఫోన్ కాల్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, అందులో 4 కిలోహెర్ట్జ్, మహా అయితే 8 కిలోహెర్ట్జ్ పైన ఉండే సౌండ్ రికార్డే కాదు. మాట వరకు అది చాలు, కానీ సుయ్యిమనే చప్పుడులో ఆ పదును అంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి మీకు మిగిలేది ఒక మొద్దు గరగర.

మరి ఫోన్ సొంత మైక్‌తో కూడా ఎందుకు పోతోందంటే, ఆగకుండా ఒకే తీరుగా వచ్చే సుయ్యి చప్పుడుని నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఫ్యాన్ గాలి అనుకుని నొక్కేస్తుంది. ఇదేనా కాదా అని తెలుసుకోవడం తేలిక, వీడియో మళ్లీ వినండి, ముక్కలు పడ్డ మొదటి అర సెకను బాగానే వినిపించి ఆ తర్వాత సౌండ్ కిందకి జారిపోతుంటే దొంగ అదే. కెమెరా సెటింగ్స్‌లో వాయిస్ ఫోకస్, విండ్ రిడక్షన్ లాంటివి ఆఫ్ చెయ్యండి. కొన్ని ఫోన్లలో ఆ ఆప్షన్ ఉండదు, ఉన్నా మూడు మెనూల లోపల దాక్కుంటుంది, వంటింట్లో వీడియో తీసేవాళ్లు ఉంటారని ఆ డిజైన్ చేసినాయనకి తట్టలేదేమో.

ఆప్షన్ లేకపోతే ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీయండి. మడిచిన గుడ్డ మీద, కళాయికి అడుగు, అడుగున్నర దూరంలో పక్కగా పెట్టండి, ఆవిరి తగలకూడదు, నూనె చిట్లకూడదు. రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్, సౌండ్‌ని తనే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఉంటే రెండూ ఆఫ్ చేసి, రెండు ఫోన్లూ రికార్డింగ్‌లో ఉండగా గరిటెతో కళాయి అంచు మీద ఒక్కసారి టంగుమని కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ టంగు రెండు ట్రాకుల్లోనూ ముల్లులా నిలబడి కనిపిస్తుంది, వాటిని ఒకదాని కింద ఒకటి కలిపి వీడియో సౌండ్ మ్యూట్ చేస్తే అయిపోయింది. రికార్డ్ చేసే ఆ కాసేపూ చిమ్నీ ఆపండి, చిమ్నీ గాలి తర్వాత తీసెయ్యాలని చూస్తే దాంతోపాటు సుయ్యి కూడా పోతుంది.

ఇక ఆ యాప్. సౌండ్ సంగతి అలా ఉంచండి, నాకు భయం వేసింది ఇక్కడే. లింక్ నుంచి వేసుకున్న సౌండ్ క్లీనర్ మీ దగ్గర ఏమేం పర్మిషన్లు తీసుకుందో చూశారా? సౌండ్ పని చేసే యాప్‌కి మైక్, ఆ ఫైల్ తప్ప ఇంకేం అక్కర్లేదు. మెసేజ్‌లు అడిగిందంటే ఓటీపీల కోసం, యాక్సెసిబిలిటీ అడిగిందంటే మీ స్క్రీన్ చదవడానికి, మీ బదులు బటన్లు నొక్కడానికి అనుకోండి. సెటింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండు చోట్లా దాని పేరుంటే ఆఫ్ చేసి ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఆ సెటింగ్స్ పేజీ తెరవగానే ఆ యాప్ మూసేస్తుంటే, బయటి యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసెయ్యండి. పర్మిషన్ ఇచ్చి ఉంటే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఇంకో ఫోన్ నుంచి మార్చండి, ఆ ఫోన్‌లోనే కూర్చుని మార్చారనుకోండి, కొత్తవి కూడా దానికే చదివి వినిపించినట్టు. ‘ప్రో వెర్షన్ ఫ్రీ’ అని తిరిగే ఎడిటింగ్ యాప్‌ల సంగతీ ఇంతే, చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

తలకిందుల గొడవ మీ తప్పు కాదు. ఫోన్ నేలవైపు బోర్లా ఉన్నప్పుడు ఏది పైవైపో సెన్సర్‌కి అంతుబట్టదు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుని రికార్డ్ నొక్కి, ఆ తర్వాతే స్టాండ్‌లో బోర్లా పెట్టండి, మొదటి ముక్క కత్తిరించేస్తే సరి. కెమెరా సెటింగ్స్‌లో గ్రిడ్ లైన్స్ లేదా లెవెల్ ఆన్ చేస్తే కొన్ని ఫోన్లలో మధ్యలో రెండు ప్లస్ గుర్తులు వస్తాయి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫోన్ సమంగా ఉన్నట్టు. దగ్గరి షాట్‌కి ఫోన్‌ని కళాయి మీదకి దించకండి, ఒక హద్దు దాటితే కొన్ని ఫోన్లు తమంతట తామే ఇంకో లెన్స్‌కి మారి ఫ్రేమ్ ఎగురుతుంది. పైనే ఉంచి 2ఎక్స్ పెట్టి, కళాయి అంచు మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చెయ్యండి, లేకపోతే ఆవిరి లేచిన ప్రతిసారీ ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది.

చివర్లో ప్లేట్ షాట్‌కి అంచు తడిగుడ్డతో తుడిచి, మెరవని ప్లేట్ వాడండి. మెరిసేదైతే పైనుంచి తీసినప్పుడు కూర పక్కనే మీ ఫోను, మీ మొహం కూడా వడ్డించినట్టుంటుంది.