బుజ్జిగాడి మంచం సంగతి

బ్రాడీపేట, గుంటూరు
రోహిణి కార్తె, ఆదివారం

చిట్టీ,

ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కన బుజ్జిగాడి తుమ్ములు లెక్కపెట్టాను, వరసగా పదకొండు. స్కూలున్న రోజుల్లో కూడా లేస్తూనే మొదలై, ఆటో ఎక్కే వేళకి తగ్గిపోయేవన్నావు. సెలవుల్లో తాతగారి ఊరెళ్ళి వారం రోజులు డాబా మీద నులక మంచంలో పడుకుంటే ఒక్క తుమ్మూ లేదన్నావు. ఇదంతా పటమట రోడ్డు దుమ్మేనని అల్లుడుగారు అంటున్నారు కదా. రోడ్డు దుమ్మే అయితే వాడు సాయంత్రం ఆడుకుని వచ్చాక తుమ్మాలి, కళ్ళు తెరుస్తూనే ఎందుకు తుమ్ముతాడు? పైగా డాక్టరుగారు చేతి మీద చుక్కలు వేసి చేసిన పరీక్షలో డస్ట్ మైట్ దగ్గరే దద్దురు లేచిందన్నావు. ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని, మీ అన్నయ్యని ఇదే బాధతో పెంచినదాన్ని. ఎయిర్ ప్యూరిఫయర్‌కి ఆర్డరు పెట్టకముందే ఈ ఉత్తరం చదవండి.

ఈ మైట్ అనేది కంటికి ఆనని పురుగు. నల్లిలా కుట్టదు, నెత్తురు తాగదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటుంది, గాలిలోని తేమ పీల్చుకుని బతుకుతుంది. తిండీ తేమా రెండూ దొరికేది మనం రోజూ ఎనిమిది గంటలు చెమటోడ్చి పడుకునే పరుపులోనే. అసలు అలర్జీ తెప్పించేది కూడా పురుగు కన్నా దాని మలమే. ఆ రేణువులు బరువుగా ఉంటాయి. పిల్లాడు దొర్లినప్పుడు, దుప్పటి దులిపినప్పుడు పైకి లేచి, పావుగంటో అరగంటో అయ్యేసరికి మళ్ళీ కిందకి దిగిపోతాయి. గాలిలో తేలుతూ ఉండే సరుకైతే మూలన పెట్టిన మిషను లాక్కునేది. వాడి ముక్కు దిండులో ఉంటే మిషను ఏం చేస్తుంది? ఆ డబ్బులు మంచానికి పెట్టండి.

ముందు పరుపు. కొత్తది కొనక్కర్లేదు. బూరుగుదూది పరుపైనా, పీచు పరుపైనా, ఫోమ్ అయినా కొన్నాళ్ళకి అన్నీ ఒకటే. రోళ్ళు పగిలే ఎండలు కాస్తున్నాయి కాబట్టి, వానలు పడకముందే పరుపునీ దిండ్లనీ డాబా మీదకి ఎక్కించి, పిట్టగోడకి ఆనించి, ఒక్కోవైపు మూడేసి గంటలు ఎండనివ్వండి. తర్వాత కర్రతో బాగా కొట్టాలి. ఆ పని అల్లుడుగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని చేస్తారు, బుజ్జిగాడు మాత్రం ఆ ఛాయలకి రాకూడదు. ఎండబెట్టాం కదా అని అక్కడితో వదిలేయకు. ఎండకి పైపైన ఉన్న పురుగు చస్తుంది. లోపలిది చావదు, మలం ఎక్కడికీ పోదు. అందుకే పరుపు చల్లారగానే దాన్ని సంచిలో మూసేయాలి.

ఈ సంచి దగ్గరే అందరూ పొరపాటు పడతారు. షాపులో మ్యాట్రెస్ ప్రొటెక్టర్ అని ఇస్తారు. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉంటుంది, పైనా పక్కలా కప్పుతుంది, అడుగు తెరిచే ఉంటుంది. అది పక్క తడిపే పిల్లలకి పనికొస్తుంది గానీ మనకి కాదు. మనకి కావలసింది ఆరు వైపులా మూసుకుని, జిప్పు ఉండే గుడ్డ కవరు. నేత ఎంత దగ్గరగా ఉండాలంటే అందులోని రంధ్రాలు 10 మైక్రాన్లకి మించకూడదు. గాలి ఆడుతుంది, ఆ రేణువు మాత్రం బయటికి రాదు. ప్యాకెట్టు మీద ఆ అంకె ఉందో లేదో చూసి కొను. కొలతలు తీసేటప్పుడు పొడవూ వెడల్పూ చాలనుకోకు, మందం కూడా కొలు. మీది 5 అంగుళాల పరుపు. దానికి 8 అంగుళాల కవరు తెస్తే ముడతలు పడి, పిల్లాడు నెల తిరక్కుండా జిప్పు ఊడదీస్తాడు. జిప్పు చివర చిన్న సందు మిగులుతుంది, అక్కడ టేపు అంటించు. దిండుకీ ఇలాంటిదే వేయాలి. దిండే ముక్కుకి దగ్గర కాబట్టి డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే ముందు దిండుది కొను.

మీ అన్నయ్యకి ఆరేళ్ళప్పుడు ఇలాంటి కవర్లు మన ఊళ్ళో దొరికేవి కావు. నేను తెలివిగా పరుపు కుట్టేవాడి చేత రెక్సిన్ తొడుగు వేయించాను. ఏప్రిల్లో ఒక్క రాత్రి పడుకున్నాడు, తెల్లారేసరికి వీపంతా చెమటకాయలు. ఆ మర్నాటి నుంచి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు, దగ్గూ తగ్గింది! రెక్సిన్ మహిమ అనుకుని వారం రోజులు మురిసిపోయాను. చాప మహిమ అని తర్వాత అర్థమైంది.

ఇక బొంత. మీ అమ్మమ్మ తన పాత నూలు చీరలన్నీ కలిపి కుట్టింది, బుజ్జిగాడు దాన్ని వదలడని నాకు తెలుసు. కానీ ఏడెనిమిది మడతల బొంత బకెట్లో పట్టదు, పిండితే నీళ్ళు దిగవు, లోపల ఆరేలోగా ముక్కిపోతుంది. మైట్‌కి అంతకన్నా మంచి ఇల్లు లేదు. మన బెజవాడ చలికి నూలు దుప్పటి చాలు, డిసెంబరులో రెండు కప్పు. బొంతని ప్రస్తుతానికి గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి పక్కన పెట్టు. దాని సంగతి చివర్లో చెబుతాను.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి. చన్నీళ్ళలో ఉతికితే రేణువులు చాలావరకు కొట్టుకుపోతాయి గానీ పురుగు చావదు. దానికి 60 డిగ్రీల వేడి కావాలి. మీ వాషింగ్ మిషను పైనుంచి వేసేది, అందులో హీటరు లేదు కదా. కాబట్టి ఒక చిట్కా చెబుతాను. స్టీలు అండాలో ఒక పాలు కళపెళా మరిగిన నీళ్ళు, ఒక పాలు కుళాయి నీళ్ళు సమానంగా కలుపు. మన కుళాయి నీళ్ళు 30 డిగ్రీలుంటాయి కాబట్టి రెండూ కలిస్తే దగ్గర దగ్గర 65 అవుతుంది. పొడి దుప్పట్లు వేసి, కర్రతో అదిమి, మూతపెట్టి అరగంట ఉంచు. ఆ తర్వాత మామూలుగా మిషన్లో వేసేయ్. ముదురు రంగులు దిగిపోతాయి, కాబట్టి వాడి మంచానికి తెల్లవీ లేత రంగువీ కొను. ఉడుకునీళ్ళు మోసేటప్పుడు పిల్లాణ్ణి దగ్గరకి రానివ్వకు, కాలిన పిల్లల్ని వార్డులో చాలామందిని చూశాను.

గదిలో మిగతావి అంత పెద్ద పనేం కాదు. మంచానికి తలవైపు వెల్వెట్ కుషన్ బోర్డు ఉంది చూడు, నాలుగు స్క్రూలు తీస్తే ఊడుతుంది. తీసి హాల్లో పెట్టెయ్, ఉత్త చెక్క ఉంటే తడిగుడ్డతో ఒక్క తుడుపు. గృహప్రవేశానికి నేనే కొనిచ్చిన రెండు పొరల కర్టెన్లు కూడా తీసెయ్యి, నేనేమీ అనుకోను. పల్చటి నూలువి వేసుకో, దుప్పట్లతో పాటే పదిహేను రోజులకోసారి ఉతికేయొచ్చు. కార్పెట్టూ తీసెయ్, టైల్స్ ఉన్న ఇంటికి కార్పెట్టు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మంచం కింద అట్టపెట్టెలూ బీరువా మీద సూట్‌కేసులూ ఉంటే గుడ్డ చేరదు, అవన్నీ అటక ఎక్కించు. ఎలుగుబంటి బొమ్మ ఒక్కటి ఉంచుకోమను. దాన్ని కవర్లో చుట్టి ఒక రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, మర్నాడు ఉతుకు. ఫ్రీజర్లో పురుగు చస్తుంది, ఉతికితే మిగతాది పోతుంది. మిగిలిన బొమ్మలు మూత ఉన్న డబ్బాలోకి.

ఊడ్చే సంగతి కాస్త మెల్లగా చెప్పాలి, మీ అత్తగారి ముందు ఈ ఉత్తరం పైకి చదవకు. వదినగారు పొద్దున్నే పిల్లాడు మంచం మీద ఉండగానే కొండచీపురుతో ఊడుస్తారు, దుప్పటి అక్కడే దులుపుతారు, పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. అడుగున పడుకున్న దుమ్మంతా లేచి వాడి ముక్కులోకే పోతుంది. వాడు గది దాటాక ఫ్యాను ఆపి, దుప్పటిని లోపలికి మడుచుకుంటూ తీసి బాల్కనీలో దులిపి, నేల తడిగుడ్డతో తుడిస్తే చాలు. గంట తర్వాత వాడు లోపలికి రావచ్చు. ఫ్యాను రెక్కకి పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుంది. అత్తగారికి దుమ్ము అని చెప్పకు, డాక్టరు తడిగుడ్డే పెట్టమన్నారని చెప్పు. డాక్టరు మాటంటే ఆవిడకి గురి.

చిట్టీ, వచ్చే నెల నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. తేమ. మీరు కృష్ణ ఒడ్డున ఉన్నారు, వానాకాలంలో అప్పడం అరగంటలో మెత్తబడుతుంది. పడకగదిలో తాడు కట్టి ఫ్యాను కింద బట్టలు ఆరేసే అలవాటు మానండి, ఆ నీళ్ళన్నీ పరుపుకే. హాల్లోనో, గ్రిల్ దగ్గరో ఆరేయండి. నీళ్ళ కూలరు కూడా ఆ గదిలోంచి తీసేయాలి, అది చల్లదనంతో పాటు చెమ్మనీ ఇస్తుంది. ఏసీ ఉంది కదా, రాత్రి కాసేపు వేస్తే తేమ తీసేస్తుంది. దాని ఫిల్టరు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టు. తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, 50 శాతం దగ్గర ఉంటే మంచిది. వానాకాలంలో అది మనకి దాదాపు అందదు, 60 దాటకుండా చూసినా మేలే. ఇంకోటి, లేవగానే పక్క సర్దేయకు. దుప్పటి తిరగేసి అరగంట ఫ్యాను కింద వదిలెయ్, రాత్రి పట్టిన చెమట ఆరుతుంది.

ఇవన్నీ కలిపి చేస్తేనే ఫలితం. కవరు ఒక్కటి తొడిగి ఊరుకుంటే పెద్దగా తేడా ఉండదు. అన్నీ చేసినా వారంలో తగ్గదు, పాత సరుకు గదిలో ఇంకా ఉంటుంది. క్యాలెండరులో రోజూ పొద్దున తుమ్ములు ఎన్నో రాసిపెట్టు, రెండు మూడు నెలలకి చూసుకుంటే తెలుస్తుంది. అప్పటికీ కదలిక లేకపోతే బొద్దింకలో, గోడకి చెమ్మ పట్టిన బూజో వెతకాలి. బాత్రూం గోడ ఇవతల వైపు బీరువా జరిపి చూడు. డాక్టరిచ్చిన ముక్కు స్ప్రే మాత్రం నీ అంతట నువ్వు మానిపించకు. రాత్రి పిల్లికూత వినబడినా, పడుకోలేక లేచి కూర్చున్నా అది గది సర్దుకుంటే తీరే వ్యవహారం కాదు, వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్ళండి.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాను. బొంత ఎక్కడా పడేయకు. కుట్లు విప్పి, చీరలు విడివిడిగా ఉతికి, రెండేసి మడతలతో మూడు పల్చటి దుప్పట్లు కుట్టిస్తాను. అంచు మాత్రం ఆ ఎర్ర చీరదే వేయిద్దాం, వాడు రాత్రి పట్టుకుని పడుకునేది ఆ ఎర్ర అంచే కదా. బరువైన సూదీ, నూలు దారం ఇంట్లో ఉన్నాయి, తెస్తాను. పరుపు కొలతలు రేపు ఫోన్‌లో చెప్పు.

మీ పెద్దమ్మ