బంగారు నాణెం వద్దు, పట్టుచీర తెమ్మనండి

ప్రశ్న: సార్, హనుమకొండలో నాకు మగ్గం వర్క్ షాపు ఉంది. పోయిన బతుకమ్మకు లక్కీ డ్రా పెట్టి మిక్సీ, కుక్కర్లు, కరపత్రాలకు 18,000 ఖర్చు చేశాను. 350 మంది చీటీలు వేశారు, చివరికి ఆర్డర్ ఇచ్చింది ఇద్దరే. ఒక వర్క్ జాకెట్‌కు 4,000 తీసుకుంటే కూలి, పూసలు పోను 1,200 మిగులుతుంది. ఈసారి 20,000 పెట్టి గ్రాము బంగారు నాణెం డ్రా పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. మీరు చేసిన తప్పు డబ్బు చాలకపోవడం కాదు, మిక్సీ పెట్టడం. మిక్సీ అందరికీ పనికొస్తుంది కాబట్టి అందరూ వచ్చారు. బంగారం పెడితే ఇంకా ఎక్కువమంది వస్తారు, ఆర్డర్లు మాత్రం పెరగవు.

పెళ్లివాళ్లు ఒక్కొక్కరు రెండు జాకెట్లు కుట్టించుకుంటారనుకుందాం. ఆ ఇంటి నుంచి మీకు మిగిలేది 2,400. అందులో మూడో వంతు, అంటే 800 వరకు, ఆ కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ఖర్చు పెట్టొచ్చని నా లెక్క. మీకు పోయినసారి ఒక్కొక్కరికి పడింది 9,000.

అందుకే మీ పని అవసరం లేనివాళ్లకు ఎందుకూ పనికిరాని వస్తువును ఉచితంగా ఇవ్వండి. నేనైతే ఇలా చేస్తాను. షాపు ముందు బోర్డు: "మూడు నెలల్లో ఇంట్లో పెళ్లి ఉందా? పట్టుచీర తీసుకురండి. ఆ చీర రంగులకు సరిపోయేలా ఒక బుటా నమూనా ఉచితంగా కుట్టి ఇస్తాం." చీర చూపించాలి, పెళ్లి తేదీ చెప్పాలి, రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి నమూనా తీసుకోవాలి. ఫ్రీ కోసమే తిరిగేవాళ్లు అరచేతంత గుడ్డముక్క కోసం పట్టుచీర మోసుకుని రెండుసార్లు రారు. పెళ్లికూతురి తల్లి మాత్రం వస్తుంది, ఎందుకంటే ఆ చీర మీద ఏ పూస నప్పుతుందో తెలియక ఆమెకు అప్పటికే టెన్షన్.

ఫాల్, పీకో ఉచితమని పెట్టొచ్చు కదా అంటారేమో. చీర కట్టే ప్రతి ఒక్కరికీ అది కావాలి. మిక్సీ కథే మళ్లీ.

నమూనాను చీర జాకెట్ ముక్క మీద మాత్రం కుట్టకండి, ఏదైనా తేడా వస్తే గొడవ. వేరే గుడ్డ మీద కుట్టండి. రెండోసారి వచ్చినప్పుడు అదే డిజైన్‌కు చేతులకు మాత్రమే ఎంత, మెడతో కలిపి ఎంత, పెళ్లికి ఎన్ని రోజుల ముందు ఇస్తారు అన్నది కాగితం మీద రాసి నమూనాతో పాటు చేతిలో పెట్టండి.

కారిగర్ కూలి కూడా ఖర్చే, అది మర్చిపోవద్దు. కూలి 200, సామాను 50 అనుకుంటే నమూనాకు 250. మొదట 15 మాత్రమే చేయండి, 3,750 అవుతుంది. ఐదుగురు ఆర్డరిస్తే ఒక్కొక్కరికి 750 పడ్డట్టు, కొనసాగించండి. ముగ్గురే ఇస్తే 1,250, ఆపి కారణం వెతకండి. నమూనా తీసుకోవడానికే రాలేదంటే అసలు పెళ్లి లేనివాళ్లు వచ్చారు. తీసుకుని కూడా ఆర్డర్ ఇవ్వలేదంటే ధరో, డిజైనో, మీరు చెప్పిన గడువో నచ్చలేదు. అది బహుమతి తప్పు కాదు, ఫోన్ చేసి అడగండి. అయితే లెక్క వారానికే ముగించొద్దు. చాలా ఇళ్లలో జాకెట్ సంగతి ఆఖరి నెలలోనే తేలుతుంది, వాళ్లు చెప్పిన పెళ్లి తేదీ దాకా ఆగండి. పదిహేను మంది అంటే చిన్న లెక్కే, ఒక్కరు అటూ ఇటూ అయినా మారిపోతుంది. అందుకే ఐదుకు దగ్గరగా వస్తే ఇంకో పది చేసి చూడండి.

బోర్డు కన్నా పట్టుచీరల షాపులు నయం. చౌరస్తాలో మీకు తెలిసిన షాపు ఉంటే, చీర డబ్బాలో మీ కార్డు ఒకటి పెట్టమనండి. చీర కొన్న రోజే కార్డు చేతికొస్తుంది. కరపత్రాల ఖర్చు దాదాపు ఉండదు.

డ్రా గురించి ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. అమ్మకాలు పెంచుకోవడానికి లాటరీ, అదృష్ట పోటీ పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, నిబంధనల్లో మినహాయించినవి తప్ప. పైగా లాటరీ బహుమతి 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ ఉంటుంది. వస్తువు రూపంలో ఇస్తే ఆ పన్ను కట్టిన తర్వాతే ఇవ్వాలి. గ్రాము బంగారం ఇప్పుడు 10,000 దాటిపోయింది కదా. నమూనా అయితే అర్హులందరికీ ఇస్తారు, చీటీ తీసే పనే లేదు.

మీ కారిగర్ చేతిలో ముహూర్తాల ముందు ఎన్ని జాకెట్లు పూర్తవుతాయో ముందే లెక్క వేసుకోండి. ఆ సంఖ్యకు ఆర్డర్లు చేరిన రోజే బోర్డు తీసేయండి.