చీజ్ కంటే ఆ సిప్రో బిళ్లే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 69 ఏళ్లు. పార్కిన్సన్స్‌కి లెవోడోపాతో పాటు రోజూ రసాజిలిన్ 1 మి.గ్రా., బీపీకి సిల్నిడిపిన్ 10, కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్ వాడుతున్నారు. ప్రస్తుతం న్యూజెర్సీలో మా దగ్గర ఉన్నారు. పోయిన శనివారం పార్టీలో రకరకాల చీజ్ ముక్కలు తిన్న గంటకు తల వెనక విపరీతమైన నొప్పి, చెమటలు, గుండె దడ వచ్చాయి. ఇంట్లో చూస్తే బీపీ 192/106. రెండు గంటల్లో దానంతటదే తగ్గింది. విరేచనాలు అవుతుంటే అంతకు మూడు రోజుల ముందు నుంచి ఇండియా నుంచి తెచ్చుకున్న సిప్రో–టినిడాజోల్ బిళ్లలు వేసుకుంటున్నారు. చీజ్ పూర్తిగా మానేయాలా? రోజూ పొద్దున గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ తాగుతున్నారు, ఈ మధ్య లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. అది నీరసమేనా?
– ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: చీజ్ సంగతి తర్వాత చూద్దాం. ఆ రాత్రి మీరు రెండు గంటలు ఇంట్లోనే వేచి చూడటం సరికాదు. 69 ఏళ్ల మనిషికి అంత బీపీతో పాటు తల వెనక నొప్పి, చెమటలు, దడ ఉన్నప్పుడు అది మెదడులో రక్తస్రావానికో గుండెపోటుకో దారి తీయదని ఎవరూ ఇంట్లో కూర్చుని చెప్పలేరు. విజిటర్స్ ఇన్సూరెన్స్ భయం నాకు తెలుసు, చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతున్నాయి. అయినా ఇలాంటి లక్షణాలు మళ్లీ వస్తే 911కే ఫోన్ చేయండి. మాట తడబడినా, చూపు మసకబారినా, ఛాతీలో నొప్పి వచ్చినా బీపీ మెషిన్ కోసం వెతుకుతూ కూడా ఆగొద్దు. ఇంకొకటి. బీపీ ఒక్కసారిగా పెరిగితే నిఫెడిపిన్ క్యాప్సూల్‌ని పిన్నుతో గుచ్చి నాలుక కింద పిండే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. అది బీపీని ఎంత వరకు, ఎంత వేగంగా పడేస్తుందో మన చేతిలో ఉండదు. అలా పడిపోయి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆయన్ని చూడకుండా, ఈసీజీ లేకుండా కారణం ఇదేనని నేను తేల్చలేను. కానీ మీరు రాసిన వరసను బట్టి టైరమిన్ రియాక్షన్‌ని గట్టిగా అనుమానించాల్సిందే. తిన్న అరగంట నుంచి రెండు గంటల లోపు మొదలవడం, నొప్పి తల వెనక నుంచి మెడ దాకా ఉండటం, చెమట, దడ, కొన్ని గంటల్లో తగ్గిపోవడం, ఇవన్నీ దానికి సరిపోతాయి. మర్నాడు పొద్దున వచ్చే తలనొప్పి అయితే నేను చీజ్‌ని అనుమానించేవాడిని కాదు.

పాల ప్రొటీన్ విరిగినప్పుడు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం బయటికి వస్తుంది. నెలల తరబడి మాగబెట్టిన చీజ్‌లో బ్యాక్టీరియా ఆ టైరోసిన్‌ని టైరమిన్‌గా మారుస్తాయి. మామూలు మనిషి అది తిన్నా ఏమీ కాదు. పేగు గోడలోనూ కాలేయంలోనూ మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కాపలా ఉండి, రక్తంలోకి వెళ్లేలోపే దాన్ని విరిచేస్తుంది. పేగులో ఉండేది ఎక్కువగా ఈ ఎంజైమ్‌లోని ‘ఏ’ రకం. ఆ కాపలాని మందు ఆపేస్తే టైరమిన్ నేరుగా రక్తంలోకి చేరి, రక్తనాళాలను బిగించే నరాల చివర్లలోకి దూరుతుంది. అక్కడ సంచుల్లో దాచి ఉన్న నార్‌ఎడ్రినలిన్‌ని బయటకు నెట్టేస్తుంది. రక్తనాళాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది. 1960ల మొదట్లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో బ్యారీ బ్లాక్‌వెల్ అనే యువ వైద్యుడు, డిప్రెషన్‌కి ఈ తరహా మందులు వాడేవాళ్లకు వస్తున్న తలనొప్పులకూ చీజ్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. చీజ్ సంగతి ఆయన దృష్టికి తెచ్చింది, అదే మందు వాడుతున్న తన భార్యను గమనించిన ఒక ఫార్మసిస్టు. ఇంట్లోవాళ్లు గమనించి చెప్పే వివరాలకు ఎంత విలువ ఉంటుందో చూడండి. మీరు రాసిన ‘మూడు రోజుల ముందు నుంచి’ అనే మాట కూడా అలాంటిదే.

మీ నాన్నగారి మందు ఆ పాత మందుల్లాంటిది కాదు. రసాజిలిన్ 1 మి.గ్రా. మోతాదులో ప్రధానంగా ‘బీ’ రకాన్నే ఆపుతుంది. మెదడులో డోపమిన్ నిలవడానికి కావలసింది అదే. పేగులోని ‘ఏ’ రకం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. అందుకే ఈ మోతాదులో మామూలు భోజనానికి ప్రత్యేక పథ్యం అవసరం లేదంటాం. టైరమిన్ మరీ ఎక్కువగా, అంటే ఒక్క పూటలో 150 మి.గ్రా. దాటి ఉండే ఆహారం విషయంలోనే జాగ్రత్త చెబుతాం. పాత మందులు వాడేవాళ్లకైతే 10 మి.గ్రా. కూడా తలనొప్పి తెప్పించగలదు. ఇంత తేడా ఉన్నప్పుడు నాలుగు చీజ్ ముక్కలకే ఇలా ఎందుకు జరిగిందన్నదే అసలు ప్రశ్న.

నాకు కనిపిస్తున్న సమాధానం సిప్రో. రసాజిలిన్‌ని కాలేయంలో విరిచేది సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. రెండూ కలిస్తే రక్తంలో రసాజిలిన్ దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఆయన మింగింది 1 మి.గ్రా. అయినా శరీరం చూసింది 2 మి.గ్రా.కి దగ్గరగా. మోతాదు పెరిగే కొద్దీ ‘బీ’ని మాత్రమే ఆపే గుణం పలచబడి, ‘ఏ’ కూడా కొంత మూతపడవచ్చు. పైగా ఈ మందు ఎంజైమ్‌కి అతుక్కుపోయి మళ్లీ వదలదు కాబట్టి రోజురోజుకీ ఆ ప్రభావం పోగవుతుంది. సరిగ్గా అలాంటి రోజుల్లో మాగిన చీజ్ లోపలికి వెళ్లింది. సిప్రో తప్పనిసరి అయితే రసాజిలిన్‌ని సగానికి, అంటే 0.5 మి.గ్రా.కి తగ్గించాలని మందు సమాచారపత్రంలోనే ఉంటుంది. ఆ బిళ్ల రాసే డాక్టరుకో, ఇచ్చే ఫార్మసిస్టుకో పార్కిన్సన్స్ మందుల సంగతి చెప్పి ఉంటే వాళ్లే ఆపేవారు. సూట్‌కేస్‌లో వచ్చిన స్ట్రిప్‌కి ఆ అడ్డు లేదు.

ఇక్కడ కాస్త కోపంగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మోషన్స్ అయితే సిప్రో–టినిడాజోల్ వేసుకోవడం మన దగ్గర మజ్జిగ తాగినంత మామూలైపోయింది. చాలా విరేచనాలు వైరస్ వల్లనో, తిండి పడకో వచ్చేవే. వాటికి కావలసింది ఓఆర్‌ఎస్. జ్వరం, రక్తం, జిగట ఉంటే డాక్టరు చూసి యాంటీబయాటిక్ నిర్ణయిస్తారు. మీ నాన్నగారి పెట్టెలో ఇంకేమున్నాయో కూడా ఈరోజే చూడండి. జలుబు బిళ్లల్లో ఫినైలెఫ్రిన్ గానీ సూడోఎఫెడ్రిన్ గానీ ఉంటే, అవి చీజ్ అవసరం లేకుండానే బీపీని పెంచగలవు. ఆ శనివారం అలాంటిది వేసుకున్నారేమో గుర్తు చేసుకోండి, మీరు రాయలేదు. పొడి దగ్గు సిరప్‌లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, నొప్పులకు వాడే ట్రమడాల్ రసాజిలిన్‌తో అసలు కలపకూడనివి. వాటితో వచ్చే ప్రమాదం వేరు. అది మెదడులో సెరటోనిన్ పెరిగి జ్వరం, వణుకు, అయోమయంతో మొదలవుతుంది.

చీజ్ విషయానికొస్తే, సిప్రో ఇంకా వేసుకుంటుంటే ఈరోజే వైద్య సలహా తీసుకోండి. ఆపేశాక కూడా మరో రెండు వారాలు మాగిన చీజ్ జోలికి వెళ్లొద్దు. మూతపడిన ఎంజైమ్ స్థానంలో శరీరం కొత్తది తయారు చేసుకోవడానికి అంత సమయం పడుతుంది. ఒకపూట రసాజిలిన్ మానేసి పార్టీకి వెళ్లొచ్చనే లెక్క కుదరనిదీ అందుకే. నీలి చారల చీజ్, బాగా మాగిన చెడ్డర్, పార్మెసాన్, ట్యాప్ నుంచి పట్టే బీరు, ఎక్కువగా పోసిన సోయా సాస్, సరిగా నిల్వ చేయని ఎండు చేపలు పక్కన పెట్టండి. తాజా పనీర్, పెరుగు, మామూలు మొజరెల్లా పిజ్జా వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. ఒకే రకం చీజ్‌లో కూడా ముక్క ముక్కకూ టైరమిన్ మారిపోతుంది కాబట్టి ‘పోయినసారి తిన్నా ఏమీ కాలేదు’ అన్నది భరోసా కాదు.

ఇక కళ్లు తిరగడం. మీరు నీరసమన్నారు, నాకు జ్యూస్ మీద అనుమానం. పేగు గోడలో ఇంకో కాపలా ఉంది, సీవైపీ3ఏ4. సిల్నిడిపిన్ బిళ్లలో పెద్ద భాగాన్ని అది అక్కడే విరిచేస్తుంది. ఆ నష్టాన్ని లెక్కలో వేసుకునే 10 మి.గ్రా. మోతాదు పెట్టారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్‌లు ఈ ఎంజైమ్‌కి అతుక్కుని దాన్ని పాడు చేస్తాయి. అప్పుడు అదే బిళ్ల నుంచి రక్తంలోకి వెళ్లే మందు రెట్టింపు దాటవచ్చు, బీపీ అవసరానికి మించి పడుతుంది. పార్కిన్సన్స్ ఉన్న చాలామందికి నిలబడినప్పుడు బీపీ పడిపోవడం ముందే ఉంటుంది, లెవోడోపా దానికి తోడవుతుంది. దాని మీద ఈ జ్యూస్. అలా కళ్లు తిరిగి బాత్రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం కూడా ఒక కారణం కావచ్చు, అదీ చూడాలి.

జ్యూస్ పొద్దున, బిళ్ల రాత్రి అని విడదీస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. పాడైన ఎంజైమ్ తిరిగి తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. రోజూ ఒక గ్లాసు తాగేవారికి ఆ కాపలా ఎప్పటికీ పూర్తిగా తిరిగి రాదు. కాబట్టి జ్యూస్ మానేయడమే మేలు. ఇంటికి తిరిగొచ్చాక పంపర పనస విషయంలోనూ ఇదే జాగ్రత్త, దానిలోనూ ఈ పదార్థాలు ఉంటాయి. మన బత్తాయి, కమలా రసాలకు ఈ గొడవ లేదు. అటార్వాస్టాటిన్ మీద ఒక గ్లాసు ప్రభావం తక్కువే, సిమ్వాస్టాటిన్ అయి ఉంటే ఎక్కువ భయపడేవాడిని. ఎలాగూ మానేస్తున్నారు కాబట్టి ఆ లెక్క వద్దు.

జ్యూస్ మానేశాక సిల్నిడిపిన్ తన మామూలు స్థాయికి వస్తుంది, బీపీ కొంచెం పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకని వారం రోజులు పొద్దున, సాయంత్రం బీపీ రాసి పెట్టండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. నిలబడినప్పుడు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆయన బీపీ మందును సవరించాల్సి రావచ్చు. వారం అయ్యేదాకా ఆగకుండా, అప్పటికి రాసినంత వరకు ఆ కాగితం, వేసుకున్న ప్రతి బిళ్ల పేరు, ఏ రోజు వేసుకున్నారో వివరం పట్టుకుని రెండు మూడు రోజుల్లోపు అక్కడే ఒక ఫిజీషియన్‌కి చూపించి ఈసీజీ తీయించండి, ఇక్కడి న్యూరాలజిస్టుకీ పంపండి. అప్పటిదాకా రసాజిలిన్, లెవోడోపా మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా లెవోడోపా హఠాత్తుగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ఆస్పత్రిలో చేర్చాల్సి రావచ్చు.