మీటరు పరీక్షకు దరఖాస్తు, దానితో జతచేయవలసిన ఆధారాలు

"ప్రతి నెలా 200 యూనిట్లు దాటని మా ఇంటికి ఈసారి రెట్టింపు బిల్లు వచ్చింది. మీటరు పరీక్షించమని ఎలా అడగాలి? దరఖాస్తుతో ఏమేమి పెట్టాలి?"

ముందుగా బిల్లులోని తుది రీడింగును మీటరు మీది అంకెతో పోల్చండి. మీటరులో తక్కువ ఉంటే అది రీడింగు తీయడంలో పొరపాటు. ఫోటో చూపితే చాలు, పరీక్ష అక్కరలేదు. గత నెలల్లో సగటు బిల్లు వేసి ఉంటే, అప్పుడు లెక్కకు రాని యూనిట్లు ఇప్పుడు ఒక్కసారిగా కలిసి ఉండవచ్చు కనుక పాత బిల్లులు కూడా తీసి చూడండి.

మాకూ ఒకసారి ఇలాగే జరిగింది. మా ఇంట్లో సుమారు 190 యూనిట్లు రావలసిన చోట 384 వచ్చాయి, రీడింగు మాత్రం సరిపోయింది. మెయిన్ స్విచ్ ఆపి పది నిమిషాలు చూశాను. మీటరు మీది ఎర్ర దీపం ఒక్కసారి కూడా మెరవలేదు. మెరిసి ఉంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరిదో తీగ కలిసిందనో, మీటరు దానంతటదే నడుస్తున్నదనో అనుమానించాలి. తరువాత మెయిన్ వేసి, ఇంట్లోని స్విచ్‌లన్నీ ఆపి, ప్లగ్గులన్నీ తీసి చూసినా దీపం మెరవలేదు కాబట్టి వైరింగులో లీకేజీ లేదని తేలింది.

ఇక మిగిలింది మీటరు వేగం. దాని మీద 3200 imp/kWh అని ఉంది, అంటే ఒక యూనిట్‌కు దీపం 3200 సార్లు మెరవాలి. 1000 వాట్ల హీటరు ఒక్కటే వేస్తే వంద మెరుపులకు సుమారు 112 సెకన్లు పట్టాలి. మాకు 56 సెకన్లే పట్టింది. (ఇస్త్రీపెట్టె మధ్యలో తనంతట ఆగిపోతుంది, ఈ లెక్కకు పనికిరాదు.) వోల్టేజీని బట్టి హీటరు వాడకం మారుతుంది కనుక పది శాతం తేడాను ఆధారంగా చూపకండి, సగానికి సగం తేడాను మాత్రం ఎవరూ తోసిపుచ్చలేరు.

దరఖాస్తులో కోపం రాయకుండా ఈ కొలతలనే తేదీ, సమయంతో రాశాను. గత పన్నెండు నెలల బిల్లుల నకళ్లు, మీటరు నంబరు, రీడింగు, సీలు ఒకే చట్రంలో కనిపించే ఫోటో, మెరుపుల లెక్క చూపే వీడియో, ఇంట్లోని ఉపకరణాల జాబితా వాటి వాట్లు, రోజువారీ వాడకం గంటలతో సహా జతచేశాను. వీటిలో అన్నిటికంటే పనికివచ్చింది వారం రోజులపాటు ఉదయం ఒకే వేళకు రాసుకున్న రీడింగుల పట్టిక.

సరిపోల్చడానికి పెట్టే చెక్ మీటరును పాత మీటరు ఉన్న లైనులోనే వరుసగా కలిపి రెండింటి రీడింగులు నా సమక్షంలో నమోదు చేయాలని అడిగాను. ఏడు రోజుల్లో చెక్ మీటరు 44 యూనిట్లు చూపితే పాతది 89 చూపింది. ఆ తరువాతే దానిని విప్పి ప్రయోగశాలకు పంపారు. విప్పేటప్పుడు తుది రీడింగు, సీలు నంబరు కాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం తప్పనిసరి. అది లేకుండా మీటరు మార్చేస్తే మీ ఆధారం మీటరుతోపాటే పోతుంది. దరఖాస్తు నకలు మీద తేదీతో అందినట్లు ముద్ర వేయించుకుని, గడువు తేదీలోపు సగటు మొత్తాన్ని అభ్యంతరంతో చెల్లించడానికి అనుమతిని కూడా అదే దరఖాస్తులో అడగండి.