ఇన్న పక్కన ఉన్న పదానికి జబర్ ఎందుకు రాలేదు?

అరబీలో ఇన్న వస్తే ఒక పదానికి జబర్, అంటే చివర 'అ' ధ్వని, వస్తుంది. ఖురాన్‌లోని "ఇన్న మఅల్ ఉస్రి యుస్రా"లో ఇన్న తర్వాత ముందు వచ్చేది ఉస్రి కదా, మరి జబర్ చివరి పదానికి ఎందుకు?

ఇన్న పట్టుకునేది పక్కనున్న పదాన్ని కాదు, వాక్యంలోని కర్తని. 94వ సూరా 6వ ఆయత్‌లో కర్త చివరికి జరిగింది. ఇన్న తీసేసి చూడండి: "మఅల్ ఉస్రి యుస్రున్", అంటే కష్టంతోపాటు సులువు ఉంది. ఉన్నది యుస్ర్, కాబట్టి అదే కర్త. ఇన్న రాగానే దాని చివరి 'ఉ' ధ్వని, అంటే పేష్, పోయి జబర్ వచ్చి యుస్రన్ అయింది. అక్కడ ఆగి చదువుతాం కనుక యుస్రా అని వినిపిస్తుంది. ఉస్ర్‌ని 'తోపాటు' అనే మఅ ముందే పట్టేసుకుంది, అందుకే దానికి జేర్, అంటే 'ఇ' ధ్వని.

అన్న, కఅన్న, లాకిన్న, లైత, లఅల్ల కూడా ఇంతే. కానీ 'మా' అతుక్కుని ఇన్నమా అయితే ఆ పట్టు పోతుంది: 49:10లో "ఇన్నమల్ ముఅమినూన ఇఖ్వతున్" అనే ఉంటుంది, ముఅమినీన కాదు.