ఒకే లెక్కకు రెండు జవాబులు వస్తుంటే అమ్మాయిని కోర్సు మార్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి కాస్ట్ అకౌంటింగ్ చదువుతోంది. జాయింట్ ప్రొడక్ట్స్ చాప్టర్ దగ్గర ఆగిపోయింది. ఒకే లెక్కను రెండు పద్ధతుల్లో చేస్తే అదే వస్తువు ఒకచోట లాభంలో, ఇంకోచోట నష్టంలో వస్తోందట. "ఏది నిజమో పుస్తకమే చెప్పట్లేదు నాన్నా" అంటోంది. సరైన జవాబే లేని చదువుకు ఉద్యోగం ఎవరిస్తారు? డేటా అనలిటిక్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.
— ఒక తండ్రి

జవాబు: ముందుగా ఒక్క మాట చెప్పనివ్వండి. మీ అమ్మాయి ఆగిపోయింది చాప్టర్ అర్థంకాక కాదు, అర్థమయ్యే. ఈ చాప్టర్‌ను చాలామంది ఫార్ములా బట్టీపట్టి దాటేస్తారు. రెండు జవాబులు ఎందుకు వస్తున్నాయని ఆగి అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు మీరు జవాబు వెతికిపెట్టాల్సింది పోయి కోర్సు ఫీజులు వాకబు చేస్తున్నారు. కోపం తెచ్చుకోకండి గానీ, తొందర మీది, ఆమెది కాదు.

జాయింట్ ప్రొడక్ట్స్ అంటే ఒకే ముడిసరుకులోంచి తప్పనిసరిగా కలిసి పుట్టే వస్తువులు. ఆమె అడిగినదాన్ని ఒక నిజమైన ఫ్యాక్టరీలో పెట్టి చూద్దాం. సెల్ అనే తొట్టెలో ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారుచేసే ప్లాంటు తీసుకోండి. ఒక టన్ను క్లోరిన్ వచ్చిందంటే దాదాపు 1.13 టన్నుల కాస్టిక్, 28 కిలోల హైడ్రోజన్ వచ్చి తీరతాయి. ఇది మేనేజరు నిర్ణయం కాదు, రసాయన సూత్రం. క్లోరిన్ వద్దు, కాస్టిక్ మాత్రమే కావాలంటే కుదరదు. కరెంటు, ఉప్పు, సెల్‌హౌస్ జీతాలు అన్నీ కలిపి ఒకే ఖర్చు. అందులో ఏ రూపాయి క్లోరిన్ కోసం, ఏ రూపాయి కాస్టిక్ కోసం అని అడిగితే చెప్పగలిగే మీటరు ఏదీ లేదు.

ఒక నెల లెక్క చూద్దాం. అంకెలు సులువుగా ఉండాలని నేనే ఎంచుకున్నాను. 1,000 టన్నుల క్లోరిన్, 1,130 టన్నుల కాస్టిక్, 28 టన్నుల హైడ్రోజన్ వచ్చాయి. సెల్ దాకా అయిన ఉమ్మడి ఖర్చు 310 లక్షలు. హైడ్రోజన్ అమ్మితే 14 లక్షలు వస్తాయి, దాన్ని ఆరబెట్టి కంప్రెస్ చేయడానికి 4 లక్షలు పోతాయి. మిగిలిన 10 లక్షలు ఈ ప్లాంటు మొత్తంలో చిన్న సొమ్ము కాబట్టి హైడ్రోజన్‌ను ఉప ఉత్పత్తిగా చూసి, ఆ 10 లక్షలను ఉమ్మడి ఖర్చులోంచి తీసేస్తాం. పంచాల్సింది ఇక 300 లక్షలు.

బరువు ప్రకారం పంచితే క్లోరిన్‌కు 140.8 లక్షలు, కాస్టిక్‌కు 159.2 లక్షలు పడతాయి. ఇక అమ్మకం వైపు చూడండి. సెల్ నుంచి బయటకొచ్చే క్లోరిన్ తడిగా, వేడిగా ఉన్న వాయువు. చల్లార్చి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో తేమ తీసి, కంప్రెస్ చేసి ద్రవంగా మారిస్తే తప్ప ట్యాంకరులోకి ఎక్కదు. దానికి 50 లక్షలు ఖర్చు, అమ్మకం 150 లక్షలు. కాస్టిక్ సుమారు 32 శాతం ద్రావణంగా వస్తుంది. దాన్ని ఇగిర్చి 50 శాతానికి తేవడానికి 52 లక్షలు ఖర్చు, అమ్మకం 452 లక్షలు. బరువు పద్ధతిలో కాస్టిక్‌కు 240.8 లక్షల లాభం, క్లోరిన్‌కు 40.8 లక్షల నష్టం.

ఇప్పుడు అదే 300 లక్షలను నెట్ రియలైజబుల్ వాల్యూ ప్రకారం పంచుదాం. అంటే అమ్మకం ధరలోంచి, విడిపోయాక విడిగా అయ్యే ఖర్చు తీసేసిన మొత్తం. క్లోరిన్‌కు 100, కాస్టిక్‌కు 400. ఆ నిష్పత్తిలో క్లోరిన్ మీద 60 లక్షలు, కాస్టిక్ మీద 240 లక్షలు పడతాయి. ఇప్పుడు క్లోరిన్‌కు 40 లక్షల లాభం, కాస్టిక్‌కు 160 లక్షల లాభం.

ఏది నిజం? రెండింటిలోనూ మొత్తం లాభం 200 లక్షలే. అది నిజం. దాన్ని క్లోరిన్ ఇంత, కాస్టిక్ ఇంత అని విడదీయడం మన ఏర్పాటు. మీ అమ్మాయికి పుస్తకం జవాబు చెప్పలేదంటే, ఆ ప్రశ్నకు ఫ్యాక్టరీలో కూడా జవాబు లేదు కాబట్టి.

మరి పంచడం ఎందుకు? ప్రధానంగా నెలాఖరున మిగిలిన సరుకుకు విలువ కట్టడానికి. అమ్ముడుపోనిది ఏమీ లేకపోతే ఏ పద్ధతైనా లాభం ఒకటే. కానీ 113 టన్నుల కాస్టిక్, అంటే నెల ఉత్పత్తిలో పదోవంతు, ట్యాంకులో ఉండిపోయిందనుకోండి. ఇగిర్చే ఖర్చుతో కలిపి బరువు పద్ధతిలో దాని విలువ 21.1 లక్షలు, రెండో పద్ధతిలో 29.2 లక్షలు. ఆ ఎనిమిది లక్షల తేడా ఆ నెల లాభంలోకి వచ్చి కూర్చుంటుంది. సంస్థ ఏటా పద్ధతి మారుస్తుంటే ఆడిటరు నిలదీసేది ఇక్కడే. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా ఒకే పద్ధతి వాడి తీరాలనదు. హేతుబద్ధంగా పంచండి, ఏటా అదే పాటించండి అంటుంది. అమ్మకపు విలువల నిష్పత్తిని ఉదాహరణగా చూపిస్తుంది. విలువ పెద్దగా లేని ఉప ఉత్పత్తుల నికర రాబడిని ప్రధాన ఉత్పత్తి ఖర్చులోంచి తీసేయవచ్చంటుంది. మనం హైడ్రోజన్‌కు చేసింది అదే.

అసలు ప్రమాదం స్టాకు విలువ కోసం పంచిన అంకెను నిర్ణయాలకు వాడినప్పుడు వస్తుంది. బరువు పద్ధతి రిపోర్టు చూసిన పెద్దాయన "క్లోరిన్ మీద నెలకు 40 లక్షలు పోతోంది, ఆపేయండి" అన్నాడనుకోండి. ఆపితే 40 లక్షలు మిగులుతాయా? సెల్‌లోంచి క్లోరిన్ వస్తూనే ఉంటుంది, 300 లక్షల్లో ఒక్క రూపాయి తగ్గదు. తగ్గేది ఆరబెట్టి ద్రవంగా మార్చే 50 లక్షలు మాత్రమే, పోయేది 150 లక్షల అమ్మకం. అంటే 100 లక్షల నష్టం. పైగా విషవాయువును గాలిలోకి వదలలేం కదా. కాస్టిక్ ద్రావణంలో కలిపి దాని విషాన్ని విరగ్గొట్టాలంటే ప్రతి టన్ను క్లోరిన్‌కు దాదాపు 1.13 టన్నుల కాస్టిక్ కావాలి. దానితోపాటు పుట్టిన కాస్టిక్ అంతా దాన్ని వదిలించుకోవడానికే పోతుంది! ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ రిపోర్టు చూసి క్లోరిన్ ఆపమనరు. అందుకే ఈ పరిశ్రమలో ఒక టన్ను క్లోరిన్‌నూ దానితో వచ్చే కాస్టిక్‌నూ జంటగా ఒకే యూనిట్ కింద లెక్కించి, ఆ జంటకు ఎంత మిగిలిందో చూస్తారు.

రెండో పద్ధతి మంచిదనీ అనుకోకండి. ధర ఎక్కువ ఉన్నదాని మీద ఖర్చు ఎక్కువ వేస్తుంది కాబట్టి, మొత్తం మీద లాభం ఉండి రెండు విలువలూ సున్నాకు పైనున్నంత వరకు ఏ వస్తువూ అందులో నష్టం చూపించదు. ధరను బట్టి ఖర్చు వేసి, ఆ ఖర్చును బట్టి ధర నిర్ణయించడం గుండ్రంగా తిరిగి మొదటికి రావడమే. అమ్మకం ధర ఎంత పెట్టాలన్న ప్రశ్నకు ఈ అంకె పనికిరాదు.

ఇప్పుడు మీ డేటా అనలిటిక్స్ సంగతి. నాకున్న అనుమానాలు దాచకుండా చెబుతాను. ఆరు నెలల కోర్సులో డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్, డాష్‌బోర్డులు, కాస్త స్టాటిస్టిక్స్ నేర్పుతారు. అవి పనికొచ్చేవే. కానీ ఆ కోర్సు చేసిన పిల్లలు కుదురుగా తయారుచేసే మొదటి చార్టే ఉత్పత్తుల వారీ లాభం చార్టు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి పట్టిక దించుతారు, క్లోరిన్ గడికి ఎర్ర రంగు వేస్తారు, మీటింగులో చూపిస్తారు. ఆ 140.8 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టికలో రాసి ఉండదు. కేటాయింపు బరువు మీద చేశారా, విలువ మీద చేశారా అనేది సెటప్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన ఒక ఎంపిక. కోర్సులో ఆ ప్రశ్న అడగడం నేర్పరు, డేటా శుభ్రంగా ఉంటే చాలంటారు. ఇక్కడ డేటా శుభ్రంగానే ఉంది, తప్పు దాన్ని చదవడంలో ఉంది. మీ అమ్మాయి ఆ గడి ముందు ఆగి "ఇది నిజమా, పంచిన అంకెనా?" అని అడిగే రకం. ఆ అలవాటును మాన్పించి ఎర్ర రంగు వేయడం నేర్పిస్తానంటున్నారు మీరు.

పోల్చి చెప్పమన్నారు. కాస్ట్ అకౌంటింగ్ పూర్తిచేసినవాళ్లు ఎస్‌క్యూఎల్ కొన్ని నెలల్లో పట్టుకోగలరు. డాష్‌బోర్డు మాత్రమే తెలిసినవాళ్లకు పైన చెప్పిన క్లోరిన్ సంగతి ఉద్యోగంలో దెబ్బతిన్నాక గానీ తెలియదు. ఇంతకుమించి పోలిక నా దగ్గర లేదు. ఆమెకు నిజంగా ప్రోగ్రామింగ్ మీద మనసుంటే అది వేరే మాట, ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. ఉద్యోగం రాదేమోనన్న భయం మీది. రిఫైనరీ, డెయిరీ, మాంసం ప్రాసెసింగ్, రసాయనాలు, కలప, గనులు, వీటన్నిటిలోనూ ఒకే ముడిసరుకులోంచి చాలా వస్తువులు పుడతాయి. అన్నిచోట్లా ఎవరో ఒకరు ఈ పంపకం చేయాలి, దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి.

ఈ వారం ఆమెతో కూర్చుని ఒక్క లెక్క చేయించండి. పైన ఉన్న అంకెలే, క్లోరిన్ అమ్మకం మాత్రం 150 నుంచి 40 లక్షలకు పడిపోయింది. ద్రవంగా మార్చే ఖర్చు 50 అలాగే ఉంది. అంటే క్లోరిన్ విలువ పది లక్షలు మైనస్. దాని మీద ఉమ్మడి ఖర్చు ఏమీ వేయలేం. అది ఇక జాయింట్ ప్రొడక్ట్ కాదు, వదిలించుకోవాల్సిన సరుకు. ఆ పది లక్షలూ కాస్టిక్ మోస్తుంది, 310 లక్షలు. అప్పుడు ఆమెను రెండు ప్రశ్నలు అడగండి: పది లక్షలు పోతున్నా ద్రవంగా మార్చి అమ్మాలా, లేక కాస్టిక్‌తో విరగ్గొట్టాలా? అసలు ప్లాంటు నడపాలా, ఆపాలా? రెండోదానికి 452 లోంచి 52, 310 తీసేస్తే 90 లక్షలు మిగులుతాయని ఆమె వేసి చూపిస్తుంది. మొదటిదానికి జవాబు ఆమె చెప్పేదాకా మీరు నోరు విప్పకండి, కోర్సు ఫీజు కూడా కట్టకండి.